ఆ సంఖ్యను ఎవరు లెక్కకట్టారు?

పరిశోధన పత్రాల్లో తరచూ కనిపించే ఒక వాక్యం ఉంది: "గణాంక విశ్లేషణ అంతా ఆర్‌స్టూడియోలో చేశాం." వ్యవసాయం మీద రాసిన పేపరైనా, మనస్తత్వ శాస్త్రం మీద రాసిన పేపరైనా, పద్ధతుల విభాగం చివర ఇది తప్పనిసరిగా దర్శనమిస్తుంది. చదివేవాళ్లు దీన్ని దాటేసి ఫలితాల పట్టికకు వెళ్లిపోతారు. రాసినవాళ్లు కూడా చాలాసార్లు సీనియర్ థీసిస్‌లోంచి ఎత్తి పెట్టుకున్నదే. ఆ వాక్యం వల్ల పాఠకుడికి తెలిసింది మాత్రం దాదాపు శూన్యం.

మొదటి లోపం ఆర్‌స్టూడియో అన్న మాటలోనే ఉంది. లెక్కలు చేసేది ఆర్ అనే భాష. ఆర్‌స్టూడియో ఆ భాషలో కోడ్ రాసుకోవడానికి, గ్రాఫులు చూసుకోవడానికి వీలిచ్చే తెర. వంట బాగుందంటే పొయ్యి గట్టును మెచ్చుకున్నట్టు ఉంటుంది ఈ వాక్యం. ఆర్‌ను ఆర్‌స్టూడియోలో నడిపినా, మామూలు టెర్మినల్‌లో నడిపినా వచ్చే సగటు ఒకటే. ఆర్‌స్టూడియో పేరు రాయడం నేరమేమీ కాదు, రాయాలనుకుంటే రాసుకోవచ్చు. ఆర్ పేరు మానేసి దాన్ని రాయడమే తప్పు.

ఈ ఆర్ న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో 1990ల మొదట్లో పుట్టింది. రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు దాన్ని తయారు చేశారు. ఇద్దరి పేర్లూ ఇంగ్లీషులో ఆర్ అక్షరంతోనే మొదలవుతాయి. 1997 నుంచి దాని బాగోగులు చూస్తున్నది ఆర్ కోర్ టీమ్ అనే బృందం. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఆర్ ఫౌండేషన్ ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఉంది, అందుకే రిఫరెన్సులో ఆ ఊరి పేరు కనిపిస్తుంది. ఆర్ ఉచితం. దానికి తోడు ప్రపంచంలో ఎవరైనా ప్రత్యేక పనుల కోసం అదనపు ఫంక్షన్ల కట్టలు రాసి పంచిపెట్టొచ్చు. వాటినే ప్యాకేజీలంటారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. "ఆర్‌లో చేశాం" అన్నంత మాత్రాన ఏ ప్యాకేజీతో చేశారో, ఆ ప్యాకేజీ ఏ పద్ధతిలో లెక్క వేసిందో తెలియదు.

వెర్షన్ సంఖ్య ఎందుకన్న ప్రశ్నకు ఒక చిన్న ఉదాహరణ చాలు. ఒకటి నుంచి పది వరకు సంఖ్యలను యాదృచ్ఛికంగా కలపమని ఆర్‌ను అడుగుదాం. ఎవరు నడిపినా ఒకే వరుస రావాలని ముందుగా ఒక మూల సంఖ్య ఇస్తాం.

```r
set.seed(123)
sample(1:10)
```

ఇప్పటి ఆర్‌లో 3, 10, 2, 8, 6, 9, 1, 7, 5, 4 అని వస్తుంది. 2019 ఏప్రిల్‌కు ముందటి ఆర్‌లో ఇవే రెండు లైన్లు నడిపితే 3, 8, 4, 7, 6, 1, 10, 9, 2, 5 అని వచ్చేది. కోడ్‌లో అక్షరం మారలేదు, మూల సంఖ్యా మారలేదు. 3.6.0 వెర్షన్‌లో sample ఫంక్షన్ లోపలి పద్ధతిని మార్చారు. పాత పద్ధతిలో చాలా పెద్ద జాబితాల నుంచి ఎంపిక చేసేటప్పుడు అన్ని సంఖ్యలకూ సమాన అవకాశం రావడం లేదని తేలడమే దానికి కారణం. రోగులను రెండు గుంపులుగా విభజించడానికి ఈ ఫంక్షన్ వాడిన పేపరును ఊహించుకోండి. అందులో వెర్షన్ రాయకపోతే, మూల సంఖ్య ఎంత నిజాయితీగా ఇచ్చినా, ఎవరు ఏ గుంపులో పడ్డారో మరొకరు తిరిగి రాబట్టలేకపోవచ్చు. వెర్షన్ తెలిస్తే పాత పద్ధతికి మళ్లించే ఆదేశం కొత్త ఆర్‌లోనూ ఉంది.

ఇక అసలు విషయానికి వద్దాం. పద్ధతుల వాక్యం వాడిన సామాన్ల జాబితా కాదు. ఫలితాల పట్టికలో కనిపించే ఏ సంఖ్య ఏ ప్యాకేజీ నుంచి వచ్చిందో చెప్పే లెక్క అది. ఇది మాటల్లో తేలిగ్గానే ఉంటుంది, ఒక కేసు పట్టుకుంటేగానీ పదును తెలియదు. దానికి నేను ఎంచుకున్నది lme4 అనే ప్యాకేజీతో పాటే వచ్చే sleepstudy దత్తాంశం. ఎవరైనా తమ కంప్యూటర్‌లో సరిచూసుకోవచ్చు.

అందులో 18 మంది ఉన్నారు. నిద్ర కోత మీద జరిగిన ఒక ప్రయోగంలో రాత్రికి మూడు గంటలు మాత్రమే మంచం మీద ఉండనిచ్చిన గుంపు ఇది. ఒక్కొక్కరి ప్రతిస్పందన సమయాన్ని, అంటే ఒక సంకేతం కనిపించాక స్పందించడానికి పట్టిన కాలాన్ని, పది రోజుల పాటు కొలిచారు. మొత్తం 180 కొలతలు. రోజులు గడిచేకొద్దీ మనిషి ఎంత మందగిస్తాడన్నది ప్రశ్న.

ఈ 180 కొలతలను 180 మంది వేర్వేరు మనుషుల కొలతలుగా లెక్కేస్తే తప్పు. ఒకే మనిషివి పది కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. కొందరు మొదటి నుంచీ చురుకు, కొందరు నిదానం. కొందరు నిద్ర లేకపోయినా తట్టుకుంటారు, కొందరు మూడో నాటికే డీలా పడతారు. ఈ తేడాలన్నిటికీ చోటిచ్చే లెక్కను మిక్స్‌డ్ మోడల్ అంటారు. ఆర్‌లో దానికి ఎక్కువ మంది వాడేది lme4. డగ్లస్ బేట్స్, మార్టిన్ మేక్లర్, బెన్ బోల్కర్, స్టీవ్ వాకర్ దాని గురించి 2015లో ఒక పత్రం ప్రచురించారు.

lme4తో ఈ మోడల్‌ను నడిపితే జవాబు వస్తుంది: రోజుకు సగటున 10.467 మిల్లీసెకన్ల చొప్పున మందగింపు, ప్రామాణిక దోషం 1.546. మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే వచ్చే టి-విలువ 6.77. అక్కడితో lme4 ఆగిపోతుంది. జర్నళ్లు ప్రాణప్రదంగా అడిగే పి-విలువ, అంటే అసలు ప్రభావమే లేకపోయినా ఇంత పెద్ద తేడా కేవలం యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత, ఆ తెర మీద కనిపించదు. మరిచిపోయి కాదు, కావాలనే ఇవ్వలేదు. టి-విలువ నుంచి పి-విలువ రావాలంటే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం అనే మరో సంఖ్య కావాలి. స్థూలంగా చెప్పాలంటే మన దగ్గర ఎంత స్వతంత్ర సమాచారం ఉందన్న లెక్క అది. ఇక్కడ 180 కొలతలున్నాయని దాన్ని పెద్దగా తీసుకోవాలా, 18 మందే కదా అని చిన్నగా తీసుకోవాలా? మిక్స్‌డ్ మోడళ్లలో దీనికి అందరూ ఒప్పుకునే ఒకే జవాబు లేదని బేట్స్ వాదన. ఆయన 2006లోనే ఈ సంగతి వివరంగా రాశారు.

పరిశోధకులకు మాత్రం పి-విలువ కావాలి. అందుకని చాలామంది lmerTest అనే మరో ప్యాకేజీని తెచ్చుకుంటారు. కుజ్నెత్సోవా, బ్రాక్‌హాఫ్, క్రిస్టెన్‌సెన్ రాసిన దాని పత్రం 2017లో వచ్చింది. ఇది lme4 మీద కూర్చుని పనిచేస్తుంది.

```r
library(lmerTest)
m <- lmer(Reaction ~ Days + (Days | Subject),
          data = sleepstudy)
summary(m)
```

ఈసారి 10.467, 1.546, 6.77 పక్కన రెండు కొత్త సంఖ్యలు వస్తాయి. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం 17, పి-విలువ 3.26e-06, అంటే పది లక్షల్లో మూడు చొప్పున. సాటర్‌త్వైట్ అనే గణాంక శాస్త్రవేత్త పేరు మీద ఉన్న ఉజ్జాయింపు పద్ధతితో ఇవి వచ్చాయి. ప్యాకేజీని మనం ఏమీ అడగకపోతే అది వాడేది ఆ పద్ధతినే. అదే 6.77ను డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం గొడవ లేకుండా సాధారణ విభాజనంతో పోల్చేవాళ్లూ ఉన్నారు. అప్పుడు పి-విలువ లక్ష కోట్లలో 13 అవుతుంది. దత్తాంశం అదే, మోడల్ అదే, టి-విలువ అదే. పి-విలువలు మాత్రం రెండు లక్షల రెట్లకు పైగా తేడాతో ఉన్నాయి.

ఇక్కడ రెండూ చాలా చిన్నవి కాబట్టి ముగింపు మారదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఎనిమిది మందితో చేసిన అధ్యయనంలో పి-విలువ 0.05 సరిహద్దులో ఊగుతున్నప్పుడు, ఏ పద్ధతి ఎంచుకున్నారన్నదే ఫలితం "ఉంది", "లేదు" అన్నది తేలుస్తుంది. అందుకే lme4 ఒక్కదాన్నే పేర్కొని, పట్టికలో పి-విలువలు నింపిన పేపరు కనిపిస్తే అనుభవమున్న సమీక్షకుడు వెంటనే పెన్ను తీస్తాడు. lme4 ఇవ్వని సంఖ్య ఈ పట్టికలోకి ఎక్కడి నుంచి వచ్చింది? రచయితలు lmerTest వాడి పేరు రాయడం మరిచారా, లేక చేత్తో సాధారణ విభాజనం పట్టిక చూశారా? పట్టికలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం ఉంటే కొంత ఊహించవచ్చు. 14.3, 21.86 లాంటి దశాంశాలు కనిపిస్తే సాటర్‌త్వైట్ లాంటి ఉజ్జాయింపు వాడారని అర్థం. అదీ లేకపోతే ఊహకు కూడా ఆధారం ఉండదు.

ఈ పొరపాటు జరగడానికి ఆర్‌లోని ఒక ఏర్పాటు కూడా కారణం. lme4, lmerTest రెండింటిలోనూ lmer అనే ఒకే పేరున్న ఫంక్షన్ ఉంది. రెండో ప్యాకేజీని తెరిచినప్పుడు, lme4లోని lmer ఇప్పుడు మరుగున పడిందని తెర మీద ఒక సందేశం వస్తుంది. ఆ ఎర్రక్షరాలను చదివేవాళ్లు తక్కువ. నెల తర్వాత పేపరు రాయడానికి కూర్చున్నప్పుడు స్క్రిప్టులో lmer అని కనిపిస్తుంది, అది lme4దే కదా అని రాసేస్తారు. ఏది నడిచిందో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఫలితం పైభాగంలో మోడల్‌ను REML పద్ధతిలో లెక్కించినట్టు ఒక వాక్యం ఉంటుంది. lmerTest నడిచి ఉంటే ఆ వెంటనే సాటర్‌త్వైట్ పేరు, lmerModLmerTest అన్న గుర్తు ఉంటాయి.

ఇప్పుడు వాక్యం రాద్దాం. జర్నళ్లకు పంపేది ఎక్కువగా ఇంగ్లీషులోనే అయినా, చెప్పాల్సిన విషయాల వరుస ఏ భాషలోనైనా ఇదే:

"విశ్లేషణను ఆర్ 4.3.2 వెర్షన్‌లో చేశాం (ఆర్ కోర్ టీమ్, 2023). lme4 ప్యాకేజీ (వెర్షన్ 1.1-35.1, బేట్స్, ఇతరులు, 2015) ఆధారంగా మిక్స్‌డ్ మోడల్‌ను REML పద్ధతిలో లెక్కించాం. పి-విలువలను lmerTest (వెర్షన్ 3.1-3, కుజ్నెత్సోవా, ఇతరులు, 2017) ద్వారా, సాటర్‌త్వైట్ పద్ధతిలో వచ్చిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడంతో పొందాం."

మొదటి వాక్యం లెక్కలన్నీ నడిచిన చోటు చెబుతుంది. రెండోది 10.467, 1.546 ఎక్కడివో చెబుతుంది. మూడోది 17, 3.26e-06 ఎక్కడివో చెబుతుంది. క్రియలను గమనించండి: ఒకచోట "లెక్కించాం", మరోచోట "పొందాం". ప్రతి ప్యాకేజీ పేరు పక్కన అది చేసిన పని ఉంది. "lme4, lmerTest, ggplot2, dplyr ప్యాకేజీలు వాడాం" అని గుదిగుచ్చి రాస్తే ఈ సమాచారమంతా పోతుంది.

వెర్షన్లు, రిఫరెన్సులు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆర్‌నే అడగవచ్చు.

```r
R.version.string
packageVersion("lme4")
citation()
citation("lme4")
```

citation() అని ఖాళీగా అడిగితే ఆర్‌కు ఇవ్వాల్సిన రిఫరెన్సు వస్తుంది, ప్యాకేజీ పేరుతో అడిగితే ఆ ప్యాకేజీ రచయితలు కోరుకున్న రిఫరెన్సు వస్తుంది. ఈ రెండో దాంట్లో ఒక మెలిక ఉంది. lme4 రచయితలు తమ 2015 పత్రాన్నే ఉదహరించమంటారు. ఆ పత్రంలో మీరు వాడిన వెర్షన్ ఉండదు, ఉండటం సాధ్యమూ కాదు. అందుకే రిఫరెన్సు ఇచ్చాం కదా అని ఊరుకోకుండా వెర్షన్‌ను వాక్యంలోనే రాయాలి. ఇది ఊరికే చాదస్తం కాదు. ఉదాహరణకు, lmer ఫంక్షన్ జవాబు కోసం వెతికే అంతర్గత పద్ధతిని 2019లో మార్చారు. పాత వెర్షన్‌లో వచ్చిన హెచ్చరిక కొత్త దాంట్లో రాకపోవచ్చు, కొత్తది ఇచ్చే హెచ్చరిక పాతదాంట్లో వచ్చి ఉండకపోవచ్చు. రెండు పరిస్థితుల్లోనూ రిఫరెన్సు మాత్రం అదే 2015 పత్రం.

ఆర్ రిఫరెన్సులో సంవత్సరం సంగతి దీనికి భిన్నం. అది ఆ వెర్షన్ విడుదలైన ఏడాది. 4.3.2 వచ్చింది 2023 అక్టోబరులో కాబట్టి 2023. ఆ తర్వాతి 4.3.3 వచ్చింది 2024 ఫిబ్రవరిలో కాబట్టి 2024. పేపరు ఎప్పుడు రాశారన్నదానితో సంబంధం లేదు. వాక్యంలో 4.3.2 అని, రిఫరెన్సులో 2013 అని ఉంటే ఆ రిఫరెన్సు ఎక్కడో పాత పేపరులోంచి ఎత్తుకొచ్చిందని చూడగానే తెలిసిపోతుంది. రచయిత పేరు "ఆర్ డెవలప్‌మెంట్ కోర్ టీమ్" అని ఉన్నా అంతే, అది బృందానికి ఎప్పుడో వదిలేసిన పేరు.

ఇంకో చిన్న విషయం. packageVersion ఆదేశం lme4 వెర్షన్‌ను 1.1.35.1 అని చుక్కలతో చూపిస్తుంది. sessionInfo ఆదేశం దాన్నే 1.1-35.1 అని గీతతో చూపిస్తుంది. రెండూ ఒకటే. ప్యాకేజీ రచయితలు పెట్టుకున్నది గీత ఉన్న రూపం, పేపరులో అదే రాయడం మేలు.

ఏ ప్యాకేజీని రాయాలి, దేన్ని వదిలేయాలి అన్నది కొత్తవాళ్లను బాగా వేధించే ప్రశ్న. ఒక విశ్లేషణకు పదిహేను ప్యాకేజీలు తెరవడం మామూలే. నా కొలబద్ద ఇది: ఈ ప్యాకేజీ బదులు అదే పని చేసే మరొకటి వాడితే పేపరులోని ఏ సంఖ్యైనా మారే అవకాశముందా? ఉంటే దాని పేరు, వెర్షన్, అది చేసిన పని వాక్యంలో ఉండి తీరాలి. ఎక్సెల్ ఫైలును చదివే ప్యాకేజీ, కాలమ్ పేర్లు మార్చే ప్యాకేజీ వాక్యంలోకి రానక్కర్లేదు. గ్రాఫులు గీసే ggplot2ను చాలామంది రాస్తారు. అందులో తప్పులేదు, దాని రచయితకు దక్కాల్సిన గౌరవం అది. అయితే గ్రాఫు మీద ధోరణి గీతను కూడా ఆ ప్యాకేజీయే లెక్కకట్టి గీస్తే, ఆ గీత ఏ పద్ధతిలో వచ్చిందో చెప్పాల్సిందే. వదిలేసినవాటిని పారేయొద్దు. sessionInfo() అని నడిపితే ఆర్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, తెరిచిన ప్రతి ప్యాకేజీ, వాటికి ఆధారమైన ప్యాకేజీలు అన్నీ వెర్షన్లతో సహా వస్తాయి. ఆ పాఠాన్ని అనుబంధంగా జతచేస్తే పద్ధతుల విభాగం తేలికగా ఉంటుంది, కావలసినవాళ్లకు పూర్తి వివరమూ ఉంటుంది.

ఈ ఆదేశాలన్నీ ఎప్పుడు నడపాలన్నది మరీ ముఖ్యం. అవి చెప్పేది అవి నడిచిన క్షణంలో కంప్యూటర్‌లో ఉన్న వెర్షన్లను. విశ్లేషణ జనవరిలో చేసి, మార్చిలో ప్యాకేజీలన్నీ అప్‌డేట్ చేసి, మేలో పేపరు రాస్తూ packageVersion అడిగితే, పట్టికలోని సంఖ్యలను ఎన్నడూ లెక్కకట్టని వెర్షన్ పేరు పేపరుకెక్కుతుంది. దీన్ని బయటివాళ్లెవరూ పట్టుకోలేరు. మందు తేలిక: విశ్లేషణ స్క్రిప్టు చివరి లైనుగా sessionInfoను ఒక ఫైలులోకి రాయించడం.

```r
writeLines(capture.output(sessionInfo()),
           "session.txt")
```

సమీక్షకులు కొత్త విశ్లేషణ అడిగినప్పుడు ఈ సమస్య మరో రూపంలో వస్తుంది. అప్పటికి లాప్‌టాప్ మారి ఉండొచ్చు, ఆర్ కూడా మారి ఉండొచ్చు. కొత్తగా అడిగిన పట్టికను మాత్రం కొత్త వెర్షన్‌లో చేసి, పాత పట్టికలను అలాగే ఉంచితే ఒక పేపరులో రెండు వెర్షన్ల సంఖ్యలు కలిసిపోతాయి. అన్నిటినీ కొత్త వెర్షన్‌లో మళ్లీ నడిపి, పాత సంఖ్యలతో సరిచూసి, ఒకే వెర్షన్ రాయడం శుభ్రమైన పని. ప్రాజెక్టు వారీగా ప్యాకేజీల వెర్షన్లను కదలకుండా నమోదు చేసిపెట్టే renv అనే ప్యాకేజీ కూడా ఉంది. ఏళ్ల తరబడి సాగే పీహెచ్‌డీ పనికి అది మొదటి రోజు నుంచే పెట్టుకోదగ్గది.

అయితే ఈ వాక్యం చేయలేనిదీ ఉంది. వెర్షన్లన్నీ సరిగ్గా రాసినంత మాత్రాన మోడల్ సరైనదని కాదు. మన sleepstudyలోనే చూడండి: మొదటి రెండు రోజులు అలవాటు పడటానికీ శిక్షణకూ పోయాయి, నిద్ర కోత మొదలైంది ఆ తర్వాతే. ఆ రోజులను కూడా కలిపే రోజుకు 10.467 అన్న సంఖ్య వచ్చింది. వాటిని తీసేయాలా, ఉంచాలా అన్నది ఏ ప్యాకేజీ చెప్పదు, ఏ వెర్షన్ సంఖ్యా చెప్పదు. దానికి పద్ధతుల విభాగంలో వేరే వాక్యం కావాలి.

మీరు పేపరు రాస్తున్నవారైతే, పంపే ముందు మీ పద్ధతుల వాక్యాన్నీ ఫలితాల పట్టికనూ ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని ఒక స్నేహితుడికి ఇవ్వండి. పట్టికలోని ప్రతి కాలమ్ మీద వేలుపెట్టి ఇది ఏ ప్యాకేజీ నుంచి వచ్చిందో చెప్పమనండి. ఎక్కడ తడుముకుంటే అక్కడ వాక్యం తిరగరాయండి.